పీఎన్‌జీగా సేవ్ చేయగానే ఇన్‌వర్స్ ఫిల్టర్ ఎందుకు పాడైంది?

చైతన్య_కె

అందరికీ నమస్కారం. ఎం.టెక్ మొదటి ఏడాది చదువుతున్నాను. మోషన్ బ్లర్ తీసేసే చిన్న ప్రాజెక్టు చేస్తూ మూడు రోజులుగా ఒకే చోట ఆగిపోయాను. బుధవారం రివ్యూ, చాలా టెన్షన్‌గా ఉంది.

512 × 512 నలుపు తెలుపు ఫొటో ఒకటి తీసుకున్నాను. కెమెరా అడ్డంగా 15 పిక్సెళ్లు జరిగినట్టు కోడ్‌లోనే బ్లర్ చేశాను. అంటే ప్రతి పిక్సెల్ స్థానంలో దానితో పాటు దాని వెనక ఉన్న 14 పిక్సెళ్ల సగటు వస్తుంది. తర్వాత ఫోరియర్‌లోకి వెళ్లి, ఆ బ్లర్‌కి ఫోరియర్ రూపమైన H తో భాగించాను.

```python
N, L = 512, 15
h = np.zeros(N); h[:L] = 1/L
H = np.fft.fft(h)
F = np.fft.fft(f, axis=1)
g = np.fft.ifft(F*H, axis=1).real
f1 = np.fft.ifft(np.fft.fft(g, axis=1)/H, axis=1).real
```

f1 అచ్చం అసలు ఫొటోలాగే వచ్చింది. ఎనిమిదో దశాంశ స్థానం దాకా తేడా లేదు. సంతోషపడి g ని 8 బిట్ పీఎన్‌జీగా సేవ్ చేసి, మళ్లీ తెరిచి అదే భాగహారం చేశాను. బొమ్మంతా ఇసుక పోసినట్టు అయిపోయింది. మొహం ఎక్కడుందో పోల్చుకోవడం కూడా కష్టంగా ఉంది.

సేవ్ చేయకముందు g, చేసిన తర్వాత g పక్కపక్కన పెట్టి చూశాను. కంటికి ఏ తేడా లేదు. ఏ పిక్సెల్ దగ్గరా అర గ్రే లెవెల్‌కి మించి మారలేదు. అంత చిన్న మార్పుకి ఇంత నష్టం ఎలా జరుగుతుంది?

ఇంకో విషయం. మొదట L = 16 పెట్టాను. అప్పుడు సేవ్ చేయకుండానే మొత్తం nan వచ్చింది. 15 చేయగానే పోయింది. అది ఎందుకో కూడా తెలియలేదు.

రఘు_డీఎస్పీ

తమ్ముడూ, ఇది రౌండింగ్ సమస్య. 8 బిట్‌లో దశాంశాలన్నీ పోతాయి. 16 బిట్ పీఎన్‌జీగా సేవ్ చేసి చూడు, సరిపోతుంది. ఫిల్టర్‌లో తప్పేమీ లేదు.

చైతన్య_కె

రఘు అన్నా, చేశాను. నిజంగానే బాగా వచ్చింది! చాలా థ్యాంక్స్. ఇక కెమెరాతో తీసిన అసలు ఫొటోని కూడా 16 బిట్‌లోకి మార్చి చేస్తాను.

శ్యామల

బాబూ, ఒక్క నిమిషం ఆగు. రఘు గారు కారణం సరిగ్గానే పట్టుకున్నారు. కానీ ఆ మందు నీ కోడ్‌లో తయారైన ఫొటోకే పనికొస్తుంది, కెమెరా ఫొటోకి పనికిరాదు. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను. నేను ఉపగ్రహ చిత్రాల మీద చాలా ఏళ్లు పనిచేశాను. ఈ భాగహారం మా గదిలోనూ ఎందరి చేతులో కాల్చింది.

ముందు నీ రెండో ప్రశ్న చూద్దాం. 15 పిక్సెళ్ల సగటు తీసుకోవడమంటే కొన్ని అలలను పూర్తిగా చంపేయడం. సరిగ్గా 15 పిక్సెళ్లకు ఒకసారి పైకీ కిందికీ వెళ్లే అల ఉందనుకో. దాన్ని 15 పిక్సెళ్ల మీద సగటు తీస్తే సున్నా. 15 పిక్సెళ్లలో రెండుసార్లు, మూడుసార్లు ఊగే అలలకూ అదే గతి. నీ 512 వెడల్పులో ఒక అల ఎన్నిసార్లు ఊగుతుందో దాన్ని u అందాం. ఈ చచ్చిపోయే చోట్లు u = 512/15, అంటే 34.13 దగ్గర, దాని రెట్టింపు దగ్గర, మూడింతల దగ్గర, ఇలా వస్తాయి. ఎఫ్ఎఫ్‌టీ పూర్ణ సంఖ్యల దగ్గర మాత్రమే చూస్తుంది కాబట్టి 34 దగ్గర చూసింది, 34.13 దగ్గర చూడలేదు. సున్నా నీ కళ్లబడకుండా రెండు గడుల మధ్య దాక్కుంది. L = 16 అయితే 512/16 సరిగ్గా 32. సున్నా నేరుగా గడి మీదే పడింది, సున్నాతో భాగించావు, nan వచ్చింది. 15 నిన్ను కాపాడింది అనుకోకు, అది అసలు సంగతిని దాచిపెట్టింది.

ఇప్పుడు మొదటి ప్రశ్న. నీ H లో అతి చిన్న విలువ u = 239 దగ్గర ఉంటుంది, ఎందుకంటే 7 × 34.13 = 238.93, అది పూర్ణ సంఖ్యకి చాలా దగ్గర. అక్కడ |H| సుమారు 0.00041. దానితో భాగించడమంటే దాదాపు 2430 తో గుణించడం. ఆ గడిలో ఏముంటే అది 2430 రెట్లు అవుతుంది, అది ఫొటోలో భాగమా, రౌండింగ్ చెత్తా అని భాగహారం అడగదు.

రౌండింగ్ తప్పు సగటున 0.29 గ్రే లెవెల్ ఉంటుంది (1/12 కి వర్గమూలం). అన్ని గడుల మీదా 1/|H| వర్గాల సగటు తీసి వర్గమూలం కడితే నీ ఫిల్టర్ నాయిస్‌ని సుమారు 169 రెట్లు చేస్తుందని వస్తుంది. 0.29 × 169 అంటే 49 గ్రే లెవెళ్లు. మొత్తం ఉన్నవే 256. నీకు కనిపించిన ఇసుక అదే.

16 బిట్‌లో రౌండింగ్ తప్పు 257 రెట్లు తగ్గుతుంది, 49 కాస్తా 0.19 అవుతుంది. అందుకే బాగుంది. కానీ కెమెరా సెన్సర్‌లో నాయిస్ 2 గ్రే లెవెళ్లు ఉందనుకో. మామూలు వెలుతురులో అది పెద్ద విషయమేమీ కాదు. దాన్ని 16 బిట్‌లో సేవ్ చేసినా, 64 బిట్‌లో సేవ్ చేసినా ఆ 2 అలాగే ఉంటుంది. 2 × 169 = 338. ఇక బొమ్మ ఎక్కడ మిగులుతుంది?

చైతన్య_కె

మేడమ్, ఇప్పుడు అర్థమైంది. 169 నేనూ కోడ్‌లో కట్టి చూశాను, సరిగ్గా అంతే వచ్చింది. ఒక్క u = 239, దాని అద్దం 273, ఈ రెండు గడులే ఆ మొత్తంలో నాలుగింట మూడు వంతులకు పైగా ఉన్నాయి. ఇంత నష్టం రెండు గడుల వల్లనా!

విద్య_ఆర్

ఫోరియర్ లేకుండా కూడా ఇది చూడొచ్చు, నాకు అలా చూసినప్పుడే మనసుకు పట్టింది. పక్కపక్కనున్న రెండు సగటుల మధ్య తేడా ఏమిటి? ఒక కొత్త పిక్సెల్ వచ్చింది, ఒక పాత పిక్సెల్ పోయింది, మిగిలిన 14 అవే. కాబట్టి:

f[n] = f[n-15] + 15 × (g[n] − g[n-1])

అంటే ఒక పిక్సెల్‌ని కనుక్కోవాలంటే 15 పిక్సెళ్ల వెనకున్న పిక్సెల్ తెలియాలి. ఎడమ చివర మొదటి 15 పిక్సెళ్లు ఎవరో చెప్పారనుకోండి, అక్కడి నుంచి గొలుసులా కుడివైపు లెక్క కట్టుకుంటూ పోవచ్చు. g లో తప్పు లేకపోతే చివరిదాకా తప్పు రాదు. g రౌండ్ అయిందంటే ప్రతి అడుగులో రెండు రౌండింగ్ తప్పుల తేడా 15 రెట్లు అయి చేరుతుంది. 15 × 1.41 × 0.29, అంటే అడుగుకి ఆరు గ్రే లెవెళ్లు. 512 వెడల్పులో 34 అడుగులు. తప్పులు ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోతాయి కాబట్టి 34 రెట్లు కాకుండా దాని వర్గమూలం చొప్పున పెరుగుతాయి. కుడి చివరికి వచ్చేసరికి 36 దాకా చేరుతుంది. శ్యామల గారి 49 కీ దీనికీ పోలిక చూడండి, దారి వేరైనా చేరేది అక్కడికే.

చైతన్య, నీ పాడైన బొమ్మలో ఏదో ఒక వరుసని గీసి చూడు. ఆ ఇసుక నిజంగా చెల్లాచెదురుగా ఉండదు. 15 పిక్సెళ్లకు ఒకసారి అదే నమూనా తిరిగి వస్తూ ఉంటుంది. తప్పు వారసత్వంగా 15 వెనక నుంచి వస్తోంది కదా.

చైతన్య_కె

గీశాను విద్య గారూ. నిజమే! 100వ వరుసలో 15 కి ఒకసారి అదే ఆకారం కనిపిస్తోంది, మెల్లగా మారుతూ. ఇది రిపోర్టులో పెడతాను.

బాలాజీ_బెజవాడ

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. పోయిన నెల మా బావమరిది బండిని ఒక కారు గుద్ది ఆగకుండా వెళ్లిపోయింది. కాలు విరిగింది, ఇంకా మంచం మీదే ఉన్నాడు. ఎదురుగా ఉన్న షాపు సీసీ కెమెరాలో కారు పడింది కానీ నంబరు ప్లేటు సాగిపోయినట్టు ఉంది. మీరు చెప్తున్న పద్ధతితో నంబరు తెలుస్తుందా? ఎంత ఖర్చయినా పర్లేదు.

శ్యామల

బాలాజీ గారూ, మీ బావమరిది త్వరగా కోలుకోవాలి. మీకు ఆశ పెట్టి తిప్పడం నాకు ఇష్టం లేదు, అందుకే ఉన్నదున్నట్టు చెప్తాను. కారు ఎంత వేగంగా పోయింది, ప్లేటు ఆ వీడియోలో ఎన్ని పిక్సెళ్ల వెడల్పు ఉంది?

బాలాజీ_బెజవాడ

సాయంత్రం ఏడు దాటింది మేడమ్. 30 కిలోమీటర్ల వేగం అనుకుంటున్నాను, కెమెరా ముందు నుంచి అడ్డంగా తిరిగింది. మా అబ్బాయి కొలిచాడు, ప్లేటు 60 పిక్సెళ్లు ఉందట.

శ్యామల

30 కిలోమీటర్లంటే సెకనుకి 8.3 మీటర్లు. చీకటి పడ్డాక ఆ కెమెరాలు షట్టర్‌ని ఎక్కువసేపు తెరిచి ఉంచుతాయి. సెకనులో 30వ వంతు అనుకుందాం. ఆ కాసేపట్లో కారు 28 సెంటీమీటర్లు జరిగింది. పొడుగు ప్లేటు అర మీటరు, అది 60 పిక్సెళ్లంటే 28 సెంటీమీటర్లు 33 పిక్సెళ్లు. ఒక్కో అక్షరం గీత మందం ఒకటి రెండు పిక్సెళ్లే. అంటే సన్నని గీతలన్నీ 33 పిక్సెళ్ల మీద అలికేసినట్టు అయ్యాయి. దాని మీద చీకటి నాయిస్, దాని మీద వీడియో కంప్రెషన్. కంప్రెషన్ సన్నని వివరాలను తానే తీసి పారేస్తుంది. లేనిదాన్ని ఏ ఫిల్టరూ తేలేదు. పైగా ఇలాంటి చోట బలవంతంగా ఫిల్టర్ నడిపితే అక్షరాల్లాంటి ఆకారాలు పుట్టుకొస్తాయి, తప్పు నంబరు చదివే ప్రమాదం ఉంది.

మీరు చేయగలిగింది ఒకటుంది. ఆ కారు అడ్డంగా కాకుండా కెమెరా వైపుకో, కెమెరా నుంచి దూరంగానో వెళ్తున్న ఫ్రేములు వెతకండి. అప్పుడు సాగుడు బాగా తక్కువగా ఉంటుంది. అదే దారిలో ముందుకెళ్తే ఉండే షాపుల కెమెరాలు కూడా. వీడియోని వాట్సాప్‌లో పంపించుకోకుండా రికార్డరు నుంచి అసలు ఫైలే తీయించండి, అదీ త్వరగా, పాతవి చెరిగిపోతాయి.

బాలాజీ_బెజవాడ

సరే మేడమ్, రేపే వెళ్తాను. చాలా ధన్యవాదాలు.

రఘు_డీఎస్పీ

మళ్లీ ప్రశ్నకి వద్దాం. సమస్య రెండు మూడు గడుల దగ్గరే అయితే పరిష్కారం సులువు కదా. |H| 0.05 కంటే తక్కువ ఉన్నచోట ఆ గడిని సున్నా చేసెయ్, మిగతాచోట భాగించు. లేదంటే వీనర్ ఫిల్టర్ అని ఉంటుంది, దాంట్లో హారానికి ఒక చిన్న సంఖ్య K కలుపుతారు, సున్నాతో భాగహారం రాకుండా. 0.000001 పెట్టు, చాలు.

శ్యామల

రఘు గారూ, మొదటి మాట చాలామంది వాడే పద్ధతే, ఇన్‌వర్స్ కంటే ఎంతో నయం. రెండో మాట దగ్గర మాత్రం నాకు అభ్యంతరం ఉంది. K సున్నాతో భాగహారం తప్పించడానికి పెట్టిన బొడిపె కాదు. దానికి ఒక అర్థం ఉంది, ఆ అర్థం వదిలేస్తే వీనర్ చేసిన పనంతా పోతుంది.

ఒక్క గడినే తీసుకుందాం. ఆ గడిలో అసలు ఫొటో బలం 100, నాయిస్ బలం 1, H = 0.05 అనుకోండి. బ్లర్ అయిన ఫొటోని W తో గుణించి అసలుదాన్ని అంచనా వేస్తాం. తప్పు రెండు వైపుల నుంచి వస్తుంది. అసలులో మనం తిరిగి తేలేకపోయిన భాగం ఒకటి, మనం లోపలికి రానిచ్చిన నాయిస్ ఇంకొకటి. రాస్తే:

తప్పు = (1 − W·H)² × 100 + W² × 1

ఇన్‌వర్స్ అంటే W = 20. మొదటి ముక్క సున్నా. రెండోది 400. మొత్తం 400.

ఆ గడిని వదిలేస్తే W = 0. మొదటిది 100, రెండోది సున్నా. మొత్తం 100.

ఇక్కడ కాసేపు ఆగి చూడండి. ఇన్‌వర్స్ ఫిల్టర్ ఈ గడిలో ఏమీ చేయకుండా ఊరుకున్నదాని కంటే నాలుగింతలు ఎక్కువ తప్పు చేసింది. "అసలుదాన్ని పూర్తిగా తెస్తాను" అన్న పట్టుదల వల్లే.

ఇప్పుడు ఆ రెండు ముక్కల మొత్తం అతి తక్కువయ్యే W ఏదో వెతికితే, W = H / (H² + 1/100). ఆ 1/100 ఎక్కడిది? నాయిస్ బలాన్ని ఫొటో బలంతో భాగిస్తే వచ్చింది. అదే K. లెక్క కడితే W = 4. మొదటి ముక్క 0.64 × 100 = 64, రెండోది 16. మొత్తం 80. వదిలేసినదాని కంటే మెరుగు, ఇన్‌వర్స్‌తో పోలికే లేదు.

అదే H = 0.5 ఉన్న గడిలో చూస్తే ఇన్‌వర్స్ తప్పు 4, వీనర్ తప్పు 3.85. దాదాపు ఒకటే. అంటే వీనర్ ప్రతి గడినీ విడిగా అడుగుతుంది, ఇక్కడ నాకు వినిపిస్తున్నది ఫొటోనా, నాయిసా అని. ఫొటో అయితే భాగిస్తుంది, నాయిస్ అయితే చెయ్యి వెనక్కి తీసుకుంటుంది, మధ్యలో ఉంటే కొంతవరకే పోతుంది. గీత గీసి ఇటు ఉంచు, అటు తీసెయ్ అనదు.

మీరు చెప్పిన K = 0.000001 తో ఏమవుతుందంటే, ఈ ఫిల్టర్ ఏ గడినైనా గరిష్ఠంగా 1/(2√K) రెట్లు చేయగలదు. మీ K కి అది 500 రెట్లు. 2430 కంటే తక్కువే, కానీ నాయిస్ 2 ఉన్న ఫొటోకి అది కూడా వినాశనమే. K = 0.001 అయితే గరిష్ఠం 15.8. రౌండింగ్ తప్పు 0.29 ఎంత పెరిగినా 4.6 దాటలేదు. ఎక్కడ 49, ఎక్కడ 4.6!

ఈ ఆలోచన యుద్ధకాలంలో పుట్టింది. నార్బర్ట్ వీనర్ అప్పుడు విమానం తర్వాతి క్షణంలో ఎక్కడుంటుందో నాయిస్ ఉన్న కొలతల నుంచి అంచనా వేసే పని మీద ఉన్నాడు. పుస్తకంగా అందరికీ అందింది 1949లో. అంతకుముందే 1941లో రష్యాలో కొల్మొగొరోవ్ విడిగా ఇదే దారిలో వెళ్లాడు. ఫొటోల బ్లర్ తీయడానికి దీన్ని హెల్‌స్ట్రామ్ 1967లో రాశాడు. ఆ పేపరు నేను మొదటిసారి చదివిన రోజు నాకిప్పటికీ గుర్తు.

రఘు_డీఎస్పీ

శ్యామల గారూ, 400, 100, 80 లెక్క చూశాక నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇన్నేళ్లూ K ని అడ్డుపెట్టే రాయిలాగే వాడాను.

చైతన్య_కె

మేడమ్, వీనర్ చేశాను.

```python
W = np.conj(H) / (np.abs(H)**2 + K)
f2 = np.fft.ifft(np.fft.fft(g8, axis=1)*W, axis=1).real
```

8 బిట్ ఫైలుతోనే బొమ్మ స్పష్టంగా వచ్చింది! కళ్లు, కనుబొమలు విడివిడిగా కనిపిస్తున్నాయి. కానీ K దగ్గర ఒక సందేహం. మీరు చెప్పినట్టే లెక్క కట్టాను. రౌండింగ్ నాయిస్ బలం 1/12. ఫొటో వేరియన్స్ నా దాంట్లో 2500. భాగిస్తే K = 0.000033. అది పెడితే బొమ్మ ఇంకా ఇసుకగానే ఉంది. చేత్తో 0.001 పెడితే ఎంతో బాగుంది. ముప్ఫై రెట్లు తేడా. సూత్రం ప్రకారం వచ్చినదే బెస్ట్ కావాలి కదా?

శ్యామల

మంచి ప్రశ్న. తప్పు సూత్రానిది కాదు, నువ్వు ఫొటో బలాన్ని అన్ని గడులకూ సమానంగా పంచేశావు. మామూలు ఫొటోల్లో బలమంతా తక్కువ ఫ్రీక్వెన్సీల్లోనే ఉంటుంది, ఆకాశం, గోడ, చెంప లాంటి పెద్ద మెత్తని భాగాలు కదా. పైకి పోయేకొద్దీ బలం సుమారుగా u వర్గానికి విలోమంగా పడిపోతుంది. u = 20 దగ్గర ఉన్నదానిలో u = 200 దగ్గర నూరో వంతే. రౌండింగ్ నాయిస్ మాత్రం దాదాపు అన్నిచోట్లా ఒకేలా ఉంటుంది. కాబట్టి K ఒక సంఖ్య కాదు, u తో పాటు పెరిగే గీత. నీ 2500 అంతా కింది కొన్ని గడులదే, దాన్ని u = 200 కి కూడా ఇచ్చేసరికి ఫిల్టర్ అక్కడ చాలా ఫొటో ఉందని నమ్మి నాయిస్‌ని పైకి లాగింది. నీ 0.001 ఆ గీత మధ్యలో ఎక్కడో ఉండే రాజీ సంఖ్య.

K = c × u² అని పెట్టి చూడు. నీ ఫొటో బలం C/u² లాగా ఉందనుకుంటే, రెండు వైపులా గడుల మీద మొత్తం 2500 × 512 రావాలి. దాని నుంచి C సుమారు 389000 వస్తుంది, నాయిస్ బలం 1/12 ని దానితో భాగిస్తే c. u = 30 దగ్గర K సుమారు 0.0002, u = 200 దగ్గర 0.0086. అక్కడ |H|² ఎంత పెద్దదైనా 0.005 దగ్గరే ఆగుతుంది, అంటే అంత పైన ఫిల్టర్ సగంలోనే చెయ్యి ఆపేస్తుంది. ఆపాలి కూడా. u కి బదులు 512 − u తో పోల్చి చిన్నది తీసుకోవడం మర్చిపోకు, ఎఫ్ఎఫ్‌టీలో రెండో సగం నెగటివ్ ఫ్రీక్వెన్సీలు.

మోహన్_ఫొటో

నేను గుంటూరులో స్టూడియో నడుపుతాను. లెక్కలు సగమే అర్థమయ్యాయి, అయినా ఆసక్తిగా చదివాను. నా అనుభవం ఒకటి అడుగుతాను. కూచిపూడి అరంగేట్రాల్లో పాప తిరిగేటప్పుడు చేతులు సాగిపోతాయి, వెనక తెర, విగ్రహం నిశ్చలంగా ఉంటాయి. దీనికి ఇది పనిచేస్తుందా? ఒక సాఫ్ట్‌వేర్‌లో షేక్ తీసేసే బటన్ నొక్కితే తెర మీద గీతలు వచ్చాయి.

విద్య_ఆర్

మోహన్ గారూ, ఇప్పటిదాకా మేం మాట్లాడినదంతా ఫొటో మొత్తం ఒకేలా సాగినప్పటి సంగతి. మీ ఫొటోలో చేతి దగ్గర ఒక H, తెర దగ్గర బ్లరే లేదు. మొత్తానికి ఒకే ఫిల్టర్ వేస్తే నిశ్చలంగా ఉన్న తెర మీద లేని బ్లర్‌ని తీయబోయి గీతలు పుట్టిస్తుంది. చెయ్యి ఒక్కదాన్నే కత్తిరించి చేసినా, అంచు దగ్గర చెయ్యీ తెరా కలిసిపోయి ఉంటాయి, అక్కడ తప్పు తప్పదు. మీకు షట్టర్ వేగం పెంచడమే మేలు, ఐఎస్ఓ పెరిగి కొంత నాయిస్ వచ్చినా సరే.

మోహన్_ఫొటో

అంటే నాయిస్ ఉన్న స్పష్టమైన ఫొటో, నాయిస్ లేని సాగిన ఫొటో కంటే నయమన్నమాట. మా గురువు గారూ అదే అనేవారు.

విద్య_ఆర్

అవును, సాగుడు కొన్ని అలలను సున్నా చేసేస్తుంది, నాయిస్ ఏ అలనీ సున్నా చేయదు. ఈ మాట మీదే ఒక అందమైన పని ఉంది. 2006లో రాస్కర్, అగ్రవాల్, టంబ్లిన్ అనే ముగ్గురు షట్టర్‌ని తెరిచి ఉంచకుండా, ఒకే ఎక్స్‌పోజర్‌లో 52 ముక్కల కోడ్ ప్రకారం తెరిచి మూసి తెరిచి మూసి ఫొటో తీశారు. అప్పుడు సాగుడు నున్నని పలకలా ఉండదు, దువ్వెనలా ఉంటుంది. దాని H ఎక్కడా సున్నాకి దిగదు. భాగహారం చేసినా నాయిస్ అంతగా పెరగదు. వెలుతురు సుమారు సగం పోతుంది, ఆ నష్టం ఒప్పుకోవాలి. నా ఉద్దేశంలో K గురించి ఎంత తలబద్దలు కొట్టుకున్నా, అసలు చికిత్స ఫొటో తీసే క్షణంలోనే ఉంది.

శ్యామల

పని అందమైనదే విద్యా, ఒప్పుకుంటాను. కానీ మన చేతికి వచ్చేవి చాలావరకు ఎప్పుడో తీసేసిన చిత్రాలు. వాటికి చికిత్స తర్వాతే జరగాలి. పైగా కోడ్ షట్టర్‌కైనా వస్తువు ఎంత వేగంగా కదిలిందో తెలియాల్సిందే కదా.

చైతన్య_కె

మేడమ్, c × u² పెట్టాను, K ఒకే సంఖ్యగా ఉన్నప్పటి కంటే ఇసుక తగ్గింది, అంచులూ నిలిచాయి. మీన్ స్క్వేర్ ఎర్రర్ కూడా తగ్గింది.

ధైర్యం వచ్చి అసలు ఫొటో చేశాను. హాస్టల్ నోటీసు బోర్డుని ఫోన్ అడ్డంగా జరుపుతూ తీశాను. ఫలితంలో అక్షరాలు కొన్ని చదవగలుగుతున్నాను, కానీ బోర్డు అంచుకి పక్కనే అలాంటివే మూడు నాలుగు నీడ అంచులు వస్తున్నాయి, ఒకదాని తర్వాత ఒకటి, పలచబడుతూ. K పెంచినా పోవడం లేదు. ఇది కూడా నాయిసేనా?

శ్యామల

కాదు. నాయిస్ అయితే K పెంచగానే తగ్గాలి, పైగా ఒక్కో వరుసలో ఒక్కోలా ఉండాలి. నీకు వచ్చినవి అన్ని వరుసల్లోనూ ఒకే చోట, అసలు అంచుకి సమాంతరంగా ఉన్నాయి కదా? అవి ప్రతిధ్వనులు. నీ H కీ ఫొటోలో నిజంగా జరిగినదానికీ పొంతన లేదని అర్థం. L ఎంత పెట్టావు? ఎలా కనుక్కున్నావు?

చైతన్య_కె

కంటితో చూసి 20 అనుకున్నాను.

శ్యామల

కంటిని నమ్మకు. బ్లర్ ఫొటో స్పెక్ట్రమ్ లాగరిథమ్ గీసి చూడు, నిలువు నల్లని పట్టీలు సమాన దూరంలో కనిపిస్తాయి. మనల్ని ఇంతసేపు ఏడిపించిన ఆ సున్నాలే ఇప్పుడు దారి చూపిస్తాయి. పట్టీల మధ్య దూరంతో ఫొటో వెడల్పుని భాగిస్తే L. పట్టీలు ఏటవాలుగా ఉంటే నువ్వు ఫోన్‌ని అడ్డంగా కాకుండా కొంచెం వంకరగా జరిపావని.

ఇంకో అనుమానం కూడా ఉంది. నీ కోడ్‌లో ఫొటో కుడి చివర ఎడమ చివరతో కలిసి ఉన్నట్టు బ్లర్ అయింది, ఎఫ్ఎఫ్‌టీ అలాగే అనుకుంటుంది. అసలు కెమెరాలో ఎడమ అంచులోకి ఫ్రేము బయటి గోడ వచ్చి కలిసింది. ఆ తేడా రౌండింగ్ కంటే ఎన్నో రెట్లు పెద్దది, K దాన్ని ఊహించలేదు. ఫొటో రెండు చివరలనూ మెల్లగా ఒకదానిలోకి ఒకటి కలిసేలా మెత్తబరిచి ఆ తర్వాత ఫిల్టర్ వెయ్యి.

విద్య_ఆర్

ఫోన్ జేపెగ్‌లో గామా కూడా ఉంటుంది. సాగుడు వెలుతురులో జరిగింది, ఫైలులో ఉన్నది వంచిన విలువలు. ముందు గామా విప్పి, ఫిల్టర్ వేసి, మళ్లీ వంచు. నోటీసు బోర్డు లాంటి నలుపు తెలుపు అంచుల దగ్గర దీని ప్రభావం బాగా కనిపిస్తుంది.

చైతన్య_కె

స్పెక్ట్రమ్ గీశాను. వెడల్పు 1024, పట్టీల మధ్య దూరం సుమారు 44. అంటే L = 23.3. నేను 20 పెట్టాను! 23 పెట్టి, చివరలు మెత్తబరిచి, గామా విప్పాక నీడ అంచుల్లో రెండు పోయాయి, ఒకటి పలచగా మిగిలింది. "మెస్ బిల్లు" అన్న అక్షరాలు ఇప్పుడు చదవగలుగుతున్నాను.

మిగిలిన ఆ ఒక్క నీడ 0.3 పిక్సెల్ వల్లనా, లేక నా చెయ్యి మొదట మెల్లగా కదిలి తర్వాత వేగం పెంచడం వల్లనా?

రఘు_డీఎస్పీ

0.3 వల్లే అనుకుంటాను. 24 విలువల h తీసుకుని చివరి దానికి 0.3 బరువు పెట్టి, మొత్తాన్ని 23.3 తో భాగించు.

శ్యామల

అది చేసి చూడు. కానీ నాకు రెండోదే ఎక్కువ అనుమానం. చెయ్యి సమాన వేగంతో కదిలితే స్పెక్ట్రమ్‌లో పట్టీలు పూర్తిగా నల్లగా ఉండాలి. వేగం మారితే పట్టీల అడుగు నిండిపోయి బూడిద రంగులో కనిపిస్తాయి. నీ గ్రాఫ్‌లో మూడో పట్టీ ఎంత లోతుందో కొలిచి ఇక్కడ పెట్టు.